బ్లూ టిక్ పడింది, జవాబెప్పుడు?

పెళ్ళిచూపులు అయ్యాయి. రెండువైపులా పెద్దలకు నచ్చింది. "పిల్లలు కూడా కాస్త మాట్లాడుకుంటే మంచిది కదండీ" అని ఎవరో ఒకరు అనడం, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం కూడా అయిపోయాయి. ఇక ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో సంబంధం కుదురుతుందో చెడుతుందో చాలా ఇళ్ళలో వాట్సాప్‌లోనే తేలుతోంది. సరిగ్గా అప్పుడే సలహాలు మొదలవుతాయి. "వెంటనే రిప్లై ఇవ్వకు, లోకువైపోతావు" అంటుంది స్నేహితురాలు. "నువ్వే ముందు మెసేజ్ పెట్టకు" అంటాడు రూమ్మేట్. వరసగా రెండు మెసేజ్‌లు పెట్టొద్దని ఒక రీల్ చెబితే, కాస్త ఏడిపిస్తేనే అమ్మాయిలకు ఆసక్తి పుడుతుందని ఇంకో రీల్ చెబుతుంది.

వీటిలో కొన్ని పనికొస్తాయి, కొన్ని చెడగొడతాయి. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకోమంటాను: ఈ చిట్కా వాడుతున్నామని అవతలి మనిషికి తెలిస్తే, అది ఇంకా పనిచేస్తుందా? "మీరు చెప్పిన విషయం గురించే ఇంకొక ప్రశ్న అడగాలని నేర్చుకున్నాను" అని అమ్మాయితో చెప్పినా ఏమీ చెడదు, ఆమె సంతోషించినా సంతోషిస్తుంది. "మీ మెసేజ్ చూసి కూడా కావాలనే మూడు గంటలు ఆగాను" అని చెబితే మాత్రం ఆ మాట దగ్గరే సంబంధం ఆగిపోవచ్చు. దాచిపెడితేనే పనిచేసే చిట్కా ఏదైనా, జీవితాంతం కలిసి ఉండాలనుకునే మనిషి మీద వాడదగింది కాదు.

జవాబు ఆలస్యం చేయాలన్న నియమంతోనే మొదలుపెడదాం. అన్నిటికన్నా ఎక్కువగా పాటించేది, ఎక్కువ నష్టం చేసేది అదే. ఇది సెల్‌ఫోన్ కాలంలో పుట్టింది కాదు. 1995లో అమెరికాలో ఎలెన్ ఫైన్, షెర్రీ ష్నైడర్ రాసిన ‘ది రూల్స్’ అనే పుస్తకం, మగవాడికి ఫోన్ చేయొద్దని, అతను చేసినా తిరిగి చేయడం అరుదుగా ఉండాలని ఆడవాళ్ళకు చెప్పింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘స్వింగర్స్’ అనే సినిమాలో కుర్రాళ్ళు, అమ్మాయి నంబరు దొరికాక ఎన్ని రోజులు ఆగి ఫోన్ చేయాలని లెక్కలు వేసుకుంటారు. అవి ల్యాండ్‌లైన్ రోజులు. అవతలి మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో, సందేశం అందిందో లేదో తెలిసే దారి లేదు. అందుకే మౌనానికి ఎన్ని అర్థాలైనా చెప్పుకోవచ్చు.

2014 నవంబరులో వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాక ఆ పరిస్థితి మారిపోయింది. మెసేజ్ చదివినట్టు తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో స్టేటస్ పెడితే అదీ తెలుస్తుంది. టిక్కులు కనిపించకుండా సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు కానీ, అలా ఆపినవాళ్ళకు అవతలివాళ్ళ టిక్కులు కూడా కనిపించవు. కాబట్టి ఇప్పుడు కావాలని చేసే ఆలస్యాన్ని పని ఒత్తిడి అని ఎవరూ అనుకోరు. "చూసి కూడా జవాబివ్వలేదు" అనే అనుకుంటారు. పెళ్ళి సంబంధంలో ఆ అనుమానం ఇద్దరి మధ్యే ఉండిపోదు కూడా. అమ్మాయి అమ్మతో అంటుంది, అమ్మ మధ్యవర్తిని అడుగుతుంది, సాయంత్రానికల్లా "అబ్బాయికి ఇష్టం లేదేమో" అన్న మాట అబ్బాయి ఇంటికి చేరుతుంది.

ఆలస్యం ఆసక్తిని పెంచుతుందన్న మాటకు ఆధారమే లేదా అంటే, కొంత ఉంది. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఎరిన్ విచర్చ్, తిమోతీ విల్సన్, హార్వర్డ్‌కు చెందిన డేనియల్ గిల్బర్ట్ ఒక ప్రయోగం చేశారు. కాలేజీ అమ్మాయిలకు కొందరు అబ్బాయిల ఫేస్‌బుక్ ప్రొఫైళ్ళు చూపించారు. కొందరితో "వీళ్ళు మీ ప్రొఫైల్ చూసి మిమ్మల్నే ఎక్కువగా ఇష్టపడ్డారు" అన్నారు. కొందరితో "మిమ్మల్ని మామూలుగా ఇష్టపడ్డారు" అన్నారు. మిగిలినవాళ్ళకు మాత్రం, ఎక్కువ ఇష్టపడ్డవాళ్ళో మామూలుగా ఇష్టపడ్డవాళ్ళో చెప్పలేం అన్నారు. ఆ అబ్బాయిల వైపు ఎక్కువ ఆకర్షణ చూపింది ఈ చివరి గుంపు అమ్మాయిలే. వాళ్ళ గురించి ఎక్కువగా ఆలోచించిందీ వీళ్ళే. చిట్కాలు చెప్పేవాళ్ళు తరచూ పట్టుకునేది ఈ ప్రయోగాన్నే.

అందులో ఏం లేదో కూడా చూడాలి. అక్కడ సంభాషణ లేదు. ఆ అమ్మాయిలు ఆ అబ్బాయిలతో ఒక్క మాటా మాట్లాడలేదు, కొద్దిసేపు ప్రొఫైళ్ళు చూశారంతే. పైగా అక్కడి అనిశ్చితి ప్రయోగం చేసినవాళ్ళు కల్పించింది, అబ్బాయిలు కావాలని చేసింది కాదు. సంభాషణ ఉన్నచోట ఏం జరుగుతుందో ఇజ్రాయెల్‌కు చెందిన గురిత్ బిర్న్‌బామ్, అమెరికాకు చెందిన హ్యారీ రైస్ తదితరులు పరిశీలించి 2018లో ప్రచురించారు. ఆన్‌లైన్‌లో కొత్త మనిషితో మాటలు కలిపినప్పుడు, ఆ మనిషికి తమమీద ఆసక్తి ఉందని నమ్మకం కలిగినవాళ్ళకే ఆకర్షణ ఎక్కువగా కలిగింది. ఉందో లేదో తెలియనివాళ్ళకు తగ్గింది. దెబ్బ తినకుండా మనసు ముందే వెనక్కి తగ్గుతుందని వాళ్ళు వివరించారు. ముక్కూ మొహం తెలియని మనిషి గురించిన కుతూహలం వేరు, పలకరించిన మనిషి మౌనం వేరు. నంబర్లు మార్చుకున్న జంట ఉన్నది ఈ రెండో స్థితిలోనే.

అలాగని ప్రతి మెసేజ్‌కూ క్షణంలో జవాబివ్వాలని కాదు. ఆలస్యం చేయాల్సిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. కోపం వచ్చినప్పుడు ఆగాలి. కట్నం గురించో, పెళ్ళయ్యాక ఉద్యోగం మానాలా అన్న విషయం గురించో అడిగితే ఆలోచించుకోవడానికి ఒక పూట తీసుకోవాలి. పనిలో ఉంటే పని చూసుకోవాలి. అయితే ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేయడమే మంచి పద్ధతి. "మీటింగ్‌లో ఉన్నానండీ, తొమ్మిదికి రాస్తాను" అంటే చాలు. ఆ తర్వాత తొమ్మిదికి రాయాలి. చెప్పిన వేళకు వచ్చిన జవాబు, అరనిమిషంలో వచ్చిన జవాబు కన్నా ఎక్కువ నమ్మకాన్నిస్తుంది.

ఇప్పుడు ఒక జంటను ఊహించుకుందాం. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. డాలస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. ఇక్కడ ఉదయం తొమ్మిదైతే వేసవిలో అక్కడ ముందురోజు రాత్రి పదిన్నర. ఆమె పొద్దున పదకొండుకు రాసిన మాటకు సాయంత్రం దాకా జవాబు రాలేదంటే అతను నిద్రపోతున్నాడని అర్థం, అంతే. ఈ లెక్క ఇద్దరూ మొదటి రోజే మాట్లాడుకుని, "నాకు వీలయ్యే వేళలు ఇవీ" అని చెప్పుకుంటే సగం అపార్థాలు పుట్టనే పుట్టవు. ఏ చిట్కా చేయలేని మేలు ఇది.

అతని మొదటి మెసేజ్ "హాయ్ అండి, తిన్నారా?" అనుకుందాం. ఇలాంటి పలకరింపులు విసుగు పుట్టిస్తాయి, పెట్టొద్దని సలహాలిచ్చేవాళ్ళు అంటారు. నేను అంత గట్టిగా అనను. మన ఇళ్ళలో అభిమానం పలికేదే ఆ ప్రశ్నతో. పరిచయం పెరిగాక రోజూ అడిగినా బాగుంటుంది. కొత్తలో దానితో వచ్చే చిక్కు ఒక్కటే: "తిన్నానండి, మీరు?" "నేనూ తిన్నా" అన్న తర్వాత ఇద్దరికీ అందుకోవడానికి ఏమీ మిగలదు. అదే, పెళ్ళిచూపుల్లో విన్న ఏదో ఒక మాట పట్టుకుని రాస్తే దారి దొరుకుతుంది. "ఆ రోజు మీ నాన్నగారు మీరు కూచిపూడి నేర్చుకున్నారని చెబుతుంటే మీరు ఆపేశారు. ఎందుకో అడగాలనిపించింది" అని రాశాడనుకోండి, అది ఏ పుస్తకంలోనూ దొరకని మాట. ఆ రోజు అక్కడ కూర్చుని చెవి పెట్టి విన్నవాడే రాయగలడు. నెట్‌లో దొరికే రెడీమేడ్ వాక్యాలు ఎంత చమత్కారంగా ఉన్నా దీనికి సాటిరావు. ఆ వాక్యం ఎవరికైనా పంపగలిగేదని చదివిన మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

మరో రోజు ఆమె రాసింది: "ఇవాళ రిలీజ్ ఉండింది. ఇంటికొచ్చేసరికి పదకొండైంది."

దీనికి అతను నాలుగు రకాలుగా జవాబివ్వొచ్చు. "ఓ" అనొచ్చు. "మాకైతే రాత్రంతా ఉంటుంది, పోయిన నెల..." అంటూ తన కథ ఎత్తుకోవచ్చు. "ఆడపిల్లలు అంత రాత్రిదాకా ఎందుకండీ" అని హితబోధ చేయొచ్చు. లేదా "పదకొండా! ఎలా వచ్చారు, క్యాబ్ దొరికిందా? రిలీజ్ సజావుగా అయిందా?" అని అడగొచ్చు. నాలుగోది సహజంగా వచ్చే మాటే కదా అనిపిస్తుంది. కానీ చాలామందికి అది రాదు, మనసంతా తమ గురించి ఏం చెప్పుకోవాలన్న దాని మీదే ఉంటుంది కనుక. హార్వర్డ్‌లో కరెన్ హువాంగ్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ఈ విషయం మీదే. ఎక్కువ ప్రశ్నలు అడిగినవాళ్ళను అవతలివాళ్ళు ఎక్కువగా ఇష్టపడ్డారు. అందులోనూ, చెప్పిన జవాబును అందుకుని అడిగే తదుపరి ప్రశ్నలే ఆ పని చేశాయి. కొత్తవాళ్ళు కొద్ది నిమిషాలు మాట్లాడుకుని, మళ్ళీ కలవాలా వద్దా అని తేల్చుకునే స్పీడ్ డేటింగ్‌లో కూడా, ఇలాంటి ప్రశ్నలు ఎక్కువగా అడిగినవాళ్ళతోనే మళ్ళీ కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు.

కాబట్టి "ప్రశ్నలు అడుగు" అన్న నియమం ఉంచుకోదగినదే. కానీ దాన్ని గుడ్డిగా పాటిస్తే ఇంటర్వ్యూ అయిపోతుంది. "మీ ప్యాకేజీ ఎంత? ఫేవరెట్ హీరో ఎవరు? వంట వచ్చా?" అని వరసపెట్టి అడిగితే, ఏ ప్రశ్నా ముందు జవాబుతో కలవదు. అలా జరుగుతున్నట్టు ఎలా తెలుస్తుందంటే, ఆమె జవాబులు పొట్టివవుతూ ఉంటాయి, తిరిగి ఒక్క ప్రశ్నా రాదు. అప్పుడు ప్రశ్న ఆపి తన సంగతి ఒకటి చెప్పాలి. "నాకు వంటలో పప్పుచారు ఒక్కటే ధైర్యంగా వస్తుంది, ఇక్కడికొచ్చాక అమ్మ వీడియో కాల్‌లో నేర్పింది" అని ఒక చిన్న నిజం చెబితే, ఆమెకూ చెప్పడానికి చోటు దొరుకుతుంది.

ఏడిపించడం సంగతి చూద్దాం. 2005లో వచ్చిన నీల్ స్ట్రాస్ పుస్తకం ‘ది గేమ్’తో, పొగడ్తలో కొంచెం చురక కలిపి ఎదుటి మనిషి ఆత్మవిశ్వాసాన్ని కాస్త తగ్గించే పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. ఇప్పుడు అదే రీల్స్‌లో వేరే పేర్లతో తిరుగుతోంది. మనసుకు చెడ్డది కావడం అటుంచి, రాతలో అది సరిగా చేరనే చేరదు. అదే 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం ఈమెయిల్ మీద ఒక పరిశోధన ప్రచురించింది. వెటకారంగా రాసిన వాక్యాలను చదివినవాళ్ళు వెటకారమని గుర్తుపడతారని రాసినవాళ్ళు గట్టిగా నమ్మారు. చదివినవాళ్ళు గుర్తుపట్టింది మాత్రం బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికన్నా పెద్దగా మెరుగ్గా లేదు. రాస్తున్నప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూనే ఉంటుంది కనుక అవతల కూడా వినిపిస్తుందనుకుంటాం. "మీరు పంపిన ఫోటో కన్నా బయట నయం" అని నవ్వుతూ రాసిన మాటను ఆమె ఆఫీసు క్యాంటీన్‌లో ఒంటరిగా చదువుతుంది. నవ్వు ఆ అక్షరాల్లో లేదు. ఎదురుగా ఉన్నప్పుడు నవ్వించిన మాటల్ని ఎదురుగా ఉన్నప్పటికే దాచుకోవడం మేలు. ఫోన్‌లో నవ్వించాలనుకుంటే తన మీదో, పరిస్థితి మీదో జోకు వేయాలి, ఆమె రూపం మీదో ఇంటివాళ్ళ మీదో కాదు.

ఫుల్‌స్టాప్ పెట్టొద్దన్న నియమం కూడా ఒకటి తిరుగుతోంది. ఇది చిన్నదే అయినా దీనికి ఆధారం ఉంది. బింగమ్‌టన్ విశ్వవిద్యాలయంలో సీలియా క్లిన్ బృందం చేసిన ప్రయోగంలో, చుక్కతో ముగిసిన ఒక్క మాట జవాబులు టెక్స్ట్ మెసేజ్‌లో కాస్త మనస్ఫూర్తిగా లేనట్టు అనిపించాయి. అదే మాట కాగితం మీద చేత్తో రాసి ఉంటే ఆ తేడా రాలేదు. తెలుగులో ఈ బరువును చుక్క కన్నా మాట చివర మోస్తుంది. "సరే" అంటే ముగించినట్టుంటుంది, "సరేనండీ" అంటే ఒప్పుకున్నట్టుంటుంది, "సరేలెండి" అంటే కాస్త నొచ్చుకున్నట్టే వినిపిస్తుంది. మీరు అన్న పిలుపు నుంచి నువ్వులోకి దిగడం కూడా అంతే సున్నితం. అలవాటైనట్టు ఉన్నట్టుండి మార్చేయడం కన్నా, "నువ్వు అనుకుందామా, మీకు అభ్యంతరం లేకపోతే" అని అడగడం బాగుంటుంది.

వరసగా రెండో మెసేజ్ పెట్టకూడదన్న నియమం సగమే నిజం. రెండో మెసేజ్‌లో ఏముందన్నదే ముఖ్యం. "చూశారా?", "??", "బిజీనా?" అన్నవి జవాబు వసూలు చేసే మెసేజ్‌లు. వాటిని పెట్టకూడదు. రెండు రోజులు గడిచాక "మీరు చెప్పిన పుస్తకం మా లైబ్రరీలో దొరికింది, మొదటి అధ్యాయం చదివాను" అని రాయడంలో ఏ తప్పూ లేదు. అది జవాబు అడగడం లేదు, జవాబివ్వాలనుకుంటే తలుపు తెరిచి ఉంచుతోంది. దానికీ మౌనమే వస్తే మూడోది రాయకూడదు. పెద్దల ద్వారా కనుక్కోవాలి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. "సహజంగా ఉండండి" అన్న సలహా అందరికీ ఒకేలా సరిపోదు. కొందరికి సహజంగా వచ్చేదే నలభై మెసేజ్‌లు. ఒక్కో ముక్కా ఒక్కో మెసేజ్‌గా, అర్ధరాత్రి ఒంటిగంటకు, పాత ప్రేమకథతో సహా. ఇంకొందరికి సహజంగా వచ్చేది "ఊ", "ఓకే" మాత్రమే. అలాంటివాళ్ళకు ఒకటి రెండు నియమాలు నిజంగా సాయం చేస్తాయి. ఎక్కువ రాసేవాళ్ళు, ఆమె ఎంత రాస్తోందో దాదాపు అంతే రాయడం అలవాటు చేసుకోవచ్చు. చాట్‌ను పైకి జరిపి చూస్తే తెరంతా ఒకవైపు మెసేజ్‌లే కనిపిస్తుంటే తగ్గించాల్సింది ఎవరో తెలిసిపోతుంది. రాత్రి పన్నెండు దాటాక రాసింది పంపకుండా ఉంచి, పొద్దున చదివి పంపడం మంచి నియమం. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను పావుగంట లోపు దిద్దుకోవచ్చు, తర్వాత అందరికీ కనిపించకుండా తీసేయొచ్చు. కానీ తీసేసిన చోట "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న గుర్తు మిగిలిపోతుంది. అది అసలు మెసేజ్ కన్నా ఎక్కువ ఆలోచనల్ని రేపుతుంది. తక్కువ మాట్లాడేవాళ్ళు రోజుకు ఒక్కసారైనా రెండు పూర్తి వాక్యాలు రాయాలని పెట్టుకుంటే చాలు.

ఎంత బాగా రాసినా, రాత ఒక హద్దు దాటదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన పరిశోధనలో, పాత స్నేహితుణ్ణి పలకరించాలంటే ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుందని, ఈమెయిల్ నయమని చాలామంది అనుకున్నారు. తీరా గొంతుతో మాట్లాడినవాళ్ళకే దగ్గరతనం ఎక్కువ అనిపించింది, అనుకున్న ఇబ్బంది మాత్రం రాలేదు. కాబట్టి వారం పది రోజులు మెసేజ్‌లు నడిచాక కాల్‌కు మారడం మంచిది. చెప్పకుండా కాల్ చేయొద్దు. "ఆదివారం మీకు పొద్దున తొమ్మిది, నాకు శనివారం రాత్రి పదిన్నర. ఓ ఇరవై నిమిషాలు మాట్లాడుకుందామా?" అని అడిగితే, ఆమె ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడే వీలు చూసుకుంటుంది. పిల్లల్ని ఎక్కడ పెంచాలి, అమ్మానాన్నలు ఎవరి దగ్గర ఉండాలి, ఇండియాకు తిరిగి రావాలనుందా లాంటి ప్రశ్నలు ఆ కాల్‌కే దాచాలి. టైప్ చేసిన జవాబులో తడబాటు కనిపించదు, గొంతులో కనిపిస్తుంది. పెళ్ళి చేసుకోబోయే మనిషి ఎక్కడ తడబడుతున్నాడో, ఎక్కడ తడబడుతోందో తెలుసుకోవడం ఇద్దరి హక్కు.

చివరిది కాదనడం. మెసేజ్‌లకు జవాబివ్వడం నెమ్మదిగా తగ్గించేస్తే అవతలివాళ్ళే అర్థం చేసుకుంటారన్నది ఇప్పుడు అందరూ పాటించే పద్ధతి. అర్థమవుతుంది, కానీ వారాల తర్వాత. ఈలోపు ఆ ఇంట్లో ఇంకో సంబంధం చూడకుండా ఆగి ఉంటారు, ఆ మనిషి తనలో ఏం లోపం ఉందో అని వెతుక్కుంటూ ఉంటుంది. వద్దనుకున్న రోజునే రెండు వాక్యాలు రాయండి: "మీతో మాట్లాడటం బాగుంది. కానీ మనిద్దరికీ కుదరదని నాకనిపిస్తోంది, మా ఇంట్లో కూడా ఈరోజే చెబుతున్నాను." కారణాల జాబితా అక్కర్లేదు, "ఇప్పుడే పెళ్ళి వద్దనుకుంటున్నాను" లాంటి అబద్ధం అసలే వద్దు. రాసి పంపండి, ఆ వెంటనే ఇంట్లో చెప్పండి. మధ్యవర్తి నోటి నుంచి ముందు తెలియనివ్వకండి.